ఒక నిలువు గీత, పదమూడు పేర్లు



బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే కామెర్లేమోనని కంగారు పడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పసుపు కామెర్లది కాదు, మాత్రలోని రైబోఫ్లేవిన్‌ది. అంటే బి2 విటమిన్‌ది. ఒంటికి కావలసినంత ఉంచుకుని, మిగిలినదాన్ని మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే బయటికి పంపేశాయి. అదే మనిషి విటమిన్ ఎ మాత్రలు రోజూ మోతాదు మించి మింగితే ఏ రంగూ కనబడదు. ఎందుకంటే అది బయటికి పోదు, కాలేయంలో పేరుకుంటుంది. కొన్నాళ్ళకి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి, చర్మం పొట్టు రేగుతుంది, కాలేయం దెబ్బతింటుంది.

ఒకటి నీళ్ళలో కరుగుతుంది, రెండోది కొవ్వులో కరుగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

డైటెటిక్స్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ముందు విటమిన్ల అధ్యాయం ఉందనుకుందాం. నలభై పేజీలు, పదమూడు విటమిన్లు. వాటిలో ఒక్కోదానికీ రెండు మూడు పేర్లు. పరీక్ష ముందు రోజు ఇదంతా ఒక్క కాగితం మీదికి రావాలి. చాలామంది చేసే పని ఏమిటంటే నాలుగు గళ్ళ పట్టిక గీసి కరిగే తీరు, చేసే పని, లోప వ్యాధి, దొరికే ఆహారం అని పేర్లు పెట్టి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అందులో కుక్కడం. అలా గళ్ళు నిండుతాయి గానీ ఏ గడికీ పక్క గడితో సంబంధం కనబడదు. మర్నాటికి సగం ఎగిరిపోతుంది.

దీనికంటే మేలైన దారి ఒకటుంది. కాగితం మధ్యలో ముందు ఒక నిలువు గీత గీయాలి. ఎడమవైపు కొవ్వులో కరిగే నాలుగు, అంటే ఎ, డి, ఇ, కె. కుడివైపు నీళ్ళలో కరిగే తొమ్మిది, అంటే సి, బి కుటుంబంలోని ఎనిమిది. ఈ గీత సరిగ్గా అర్థమైతే తక్కిన గళ్ళలో సగం వాటంతటవే నిండుతాయి. కొవ్వులో కరిగేది పేగులోంచి రక్తంలోకి వెళ్ళాలంటే తిండిలో కాస్త నూనో నెయ్యో ఉండాలి, పైత్యరసం దిగాలి. ఒకసారి వెళ్ళాక కాలేయంలోనో కొవ్వులోనో నిల్వ ఉంటుంది. అందుకే లోపం బయటపడడానికి నెలలు పడుతుంది, ఎక్కువైతే విషమవుతుంది. నీళ్ళలో కరిగేది సులువుగా ఎక్కుతుంది, సులువుగా పోతుంది. లోపం వారాల్లో తెలుస్తుంది. ఒంట్లోంచే కాదు, వంటింట్లో కడుగు నీళ్ళతోనూ పోతుంది.

ఎడమవైపు నుంచి ఒక్కదాన్ని నింపాదిగా చూద్దాం. విటమిన్ ఎ పని గురించి పుస్తకం ఆరు పేజీలు రాస్తుంది. కాగితం మీదికి రెండు ముక్కలు చాలు. చూపు ఒకటి, పైపొరల తడి రెండు. కంటి వెనకనున్న రెటీనాలో, మసక వెలుగులో చూడడానికి రొడాప్సిన్ అనే పదార్థం కావాలి. అది తయారవడానికి విటమిన్ ఎ కావాలి. అందుకే లోపం మొదట రేచీకటిగా కనబడుతుంది. పొద్దుగూకగానే పిల్లవాడు గుమ్మం తట్టుకుని పడిపోతుంటే, కంచంలో ముద్ద కోసం తడుముకుంటుంటే తల్లి గమనించేది అదే. తర్వాత కంటి తెల్లగుడ్డు పొడిబారుతుంది. దాని మీద సబ్బు నురగ అంటినట్టు తెల్లని మచ్చలు వస్తాయి. వీటిని బిటాట్ మచ్చలంటారు. ఇంకా ఆలస్యమైతే నల్లగుడ్డు మెత్తబడి పుండై, చూపు శాశ్వతంగా పోతుంది. ఈ వరసనంతా విడివిడిగా బట్టీ పట్టనక్కర్లేదు. చూపు, తడి అన్న రెండు పనులూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతే జరిగేది ఇదే.

ఆహారం గడిలో కాలేయం, పాలు, వెన్న, గుడ్డు పచ్చసొన రాస్తే అవి తయారైన విటమిన్ ఎని ఇస్తాయి. మునగాకు, తోటకూర, కేరట్, బొప్పాయి, మామిడి ఇచ్చేది బీటా కెరోటిన్. ఒళ్ళు దాన్ని ఎగా మార్చుకోవాలి, అందులో కొంత భాగమే మారుతుంది. కెరోటిన్‌కీ కొవ్వు కావాలి. మునగాకు పప్పులో చెంచా నూనెతో వేసే తాలింపు రుచి కోసమే కాదు, ఆ ఆకులో ఉన్నది పేగు దాటడానికి కూడా పనికొస్తుంది.

ఇక నిల్వ సంగతి. మన దేశంలో తొమ్మిది నెలల బిడ్డకి 1 లక్ష యూనిట్ల విటమిన్ ఎ ద్రావణం నోట్లో వేస్తారు. ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు ఇస్తారు. అంగన్‌వాడీకి వెళ్ళే తల్లులందరికీ తెలిసిన మందే ఇది. ఆరు నెలలకి ఒకసారి వేస్తే ఎలా సరిపోతుంది? లెక్క చూడండి. 2 లక్షల యూనిట్లంటే 60 మిల్లీగ్రాములు. చిన్న బిడ్డకి రోజుకి కావలసింది సుమారు 0.4 మిల్లీగ్రాములు. భాగిస్తే 150 రోజులు, అంటే దాదాపు ఐదు నెలలు. మొత్తమంతా ఒంటబట్టదు గానీ, తిండిలో దొరికే కొంచెం దానికి తోడవుతుంది. కాలేయం కొట్టులా దాచుకుంటుంది కాబట్టే ఈ పద్ధతి నడుస్తోంది. ఇదే పని సి విటమిన్‌తో చేయబోతే ఆరు నెలల మోతాదులో చాలా భాగం ఒకటి రెండు రోజుల్లో బయటికి పోతుంది. ఈ కొట్టుకి మరో ముఖం కూడా ఉంది. 1597లో ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచులో చిక్కుకున్న డచ్ నావికులు ధ్రువపు ఎలుగు కాలేయం వండుకు తిన్నారు. వాళ్ళలో కొందరు తీవ్రంగా జబ్బు పడ్డారు, ఒంటి మీద చర్మం ఊడిపోయింది. ఆ జంతువు కాలేయంలో ఎ అంతగా పేరుకుని ఉంటుంది. గర్భిణులకి ఎక్కువ మోతాదు ఎ ఇవ్వకూడదన్న హెచ్చరిక కూడా ఈ గడిలోనే ఎర్ర సిరాతో ఉండాలి, బిడ్డకి పుట్టు లోపాలు రావచ్చు.

డి, ఇ, కె త్వరగా అయిపోతాయి. డి ఎండ వల్ల చర్మంలో తయారవుతుంది, పేగులోంచి కాల్షియం లాగుతుంది. తగ్గితే పిల్లలకి రికెట్స్ వచ్చి దొడ్డికాళ్ళు అవుతాయి, పెద్దలకి ఎముకలు మెత్తబడతాయి. ఇ కణాల పొరల్లోని కొవ్వు చెడిపోకుండా కాస్తుంది, నూనెల్లోనూ గింజల్లోనూ దొరుకుతుంది. మామూలుగా తినేవాళ్ళకి దాని లోపం రాదు. కె రక్తం గడ్డకట్టడానికి కావాలి. ఆకుకూరల్లో పుష్కలంగా ఉంది. అయితే కొవ్వులో కరిగేదైనా ఇది ఎక్కువ నిల్వ ఉండదు. కొత్తగా పుట్టిన బిడ్డ ఒంట్లో అసలే తక్కువ. అందుకే పుట్టగానే తొడకి 1 మిల్లీగ్రాము కె ఇంజక్షన్ ఇస్తారు. గీత చెప్పినట్టు నడవని మొదటి విటమిన్ ఇది. దీని చుట్టూ ఒక సున్నా చుట్టి పెట్టుకోవాలి.

కుడివైపుకి వస్తే, పాఠం మన వంటింట్లోనే ఉంది.

సన్నబియ్యం గిన్నెలో పోసి, నీళ్ళు పోసి, చేత్తో రెండు మూడుసార్లు పిసికి కడిగితే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. ఆ కడుగు పూర్వం కుడితి తొట్టిలోకి వెళ్ళేది. తర్వాత అన్నం ఉడికించి గంజి వారిస్తే అదీ తొట్టిలోకే. థయమిన్, అంటే బి1, నీళ్ళలో కరిగేది కాబట్టి బియ్యంలో మిగిలిన కాస్తలో చెప్పుకోదగ్గ భాగం గేదెకి చేరేది. అత్తెసరు పెడితే, అంటే కొలిచిన నీళ్ళు పోసి ఇగిరేదాకా వండితే, ఆ రెండో నష్టం ఉండదు. అసలు పెద్ద నష్టం అంతకుముందే మిల్లులో జరిగిపోతుంది. వడ్లగింజలో థయమిన్ ఎక్కువగా ఉండేది తవుడు పొరలోనూ మొలక దగ్గరా. పాలిష్ పట్టగానే అది తవుడు బస్తాలోకి పోతుంది.

థయమిన్ పని ఒక్క వాక్యం. పిండిపదార్థం నుంచి శక్తి తీయడానికి అది తోడు ఉండాలి. ఒంట్లో మొత్తం నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, రెండు మూడు వారాలకి మించి రాదు. కాబట్టి పాలిష్ అన్నమే ప్రధానంగా తినేవాళ్ళకి, అందులోనూ పప్పు, ఆకు తక్కువైనవాళ్ళకి, బెరిబెరి పొంచి ఉంటుంది. శక్తి ఎక్కువ కావలసిన చోటే దెబ్బ ముందు తగులుతుంది. నరాలు దెబ్బతింటే కాళ్ళు తిమ్మిరెక్కి పిక్కలు పీకుతాయి, గొంతుకూర్చున్న మనిషి చెయ్యి ఊతం లేకుండా లేవలేడు. ఇది పొడి బెరిబెరి. గుండె దెబ్బతింటే కాళ్ళు నీరెక్కుతాయి, ఆయాసం వస్తుంది. అది తడి బెరిబెరి. ఆస్పత్రిలో పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే రాసుకోవాలి. చాలా రోజులు తిండి లేనివాళ్ళకి, విపరీతంగా తాగేవాళ్ళకి గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి. గ్లూకోజ్ ముందు వెళితే, ఉన్న కాస్త థయమిన్ దాన్ని ఖర్చు పెట్టడంలో అయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

ఈ జబ్బుకీ తెలుగు నేలకీ పాత సంబంధం ఉంది. మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి బాగా కనబడింది ఉత్తర సర్కారు జిల్లాల్లోనే. అక్కడ తినేది పచ్చిబియ్యం. దక్షిణాన ఉప్పుడు బియ్యం తినే జిల్లాల్లో అది తక్కువ. వడ్లని పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాక మరాడిస్తే ఉప్పుడు బియ్యం. ఆ నానడంలోనూ ఆవిరిలోనూ తవుడులోని థయమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత పాలిష్ పట్టినా అంతగా పోదు. నీళ్ళలో కరిగే గుణమే ఒకచోట నష్టం, ఇంకోచోట లాభం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన గది పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్ళేవాళ్ళలో చాలామందికి దాని పుట్టుక తవుడు దగ్గరుందని తెలియకపోవచ్చు.

సి విటమిన్ కణజాలాల్ని కట్టి ఉంచే కొలాజెన్ కోసం. అది తప్పితే స్కర్వీ, చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది, పాత గాయాలు తెరుచుకుంటాయి. జామకాయ, ఉసిరి, నిమ్మ చాలు. నీళ్ళలో కరగడమే కాక వేడికీ గాలికీ పాడవుతుంది కాబట్టి పచ్చిగా తినేదే పూర్తిగా దక్కుతుంది. బి6 మాంసకృత్తుల్ని ఒళ్ళు వాడుకోవడానికి కావాలి, క్షయకి ఐసోనియాజిడ్ వాడేవాళ్ళకి దాన్ని మాత్రగా కలిపి ఇస్తారు. బి2 తగ్గితే నోటి మూలలు పగులుతాయి. పాలలో బాగా ఉంటుంది, వెలుతురులో నశిస్తుంది. పాంటోథెనిక్ ఆమ్లం, బయోటిన్ అనేక ఆహారాల్లో ఉంటాయి, వాటి లోపం అరుదు.

ఫోలిక్ ఆమ్లాన్నీ బి12నీ పక్కపక్కనే రాయాలి, విడదీయకూడదు. కొత్త కణాలు, ముఖ్యంగా రక్తకణాలు పుట్టడానికి రెండూ కావాలి. ఏది తగ్గినా రక్తకణాలు పరిమాణంలో పెరిగి, సంఖ్యలో తగ్గుతాయి. సూక్ష్మదర్శినిలో రెండింటికీ ఒకటే చిత్రం. 1931లో బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణుల్లో ఈ రక్తహీనతని ఈస్టు సారంతో నయం చేసింది. అందులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన సంగతి 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థ ప్రకటించింది. ఆ పరిశోధనని నడిపించిన వ్యక్తి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగులు పోషకాల్ని పీల్చుకోలేని స్ప్రూ వ్యాధి ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని బలి తీసుకుంది. ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి చికిత్సలో భాగమైంది.

బి12 నీళ్ళలో కరిగేదే, అయినా కాలేయంలో ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. గీత చెప్పినట్టు నడవని రెండోది ఇదే. దీనికీ సున్నా చుట్టాలి. మాంసం, చేప, గుడ్డు, పాలలో దొరుకుతుంది, మొక్కల్లో దొరకదు. లోపం ఆలస్యంగా బయటపడుతుంది. పాలు కూడా మానేసిన శాకాహారుల్లో, వయసు మళ్ళినవాళ్ళలో, చక్కెర జబ్బుకి ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో మొదట కాళ్ళ తిమ్మిరిగా కనబడవచ్చు. అప్పుడు ఫోలిక్ మాత్ర ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, నరాలు మాత్రం లోలోపల పాడవుతూనే ఉంటాయి. రక్త పరీక్ష మెరుగైందని అందరూ ఊరుకుంటారు. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన రాయమనేది.

కాగితం మీద ఇంక మిగిలింది నయాసిన్, బి3. ఆహారం గడి ఎక్కడ మోసం చేస్తుందో చూపించడానికి దీన్ని మించింది లేదు.

నయాసిన్ కూడా ఆహారం నుంచి శక్తి తీసే పనిలోదే. లోప వ్యాధి పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ దండ వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు రేగుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. ప్రపంచంలో చాలాచోట్ల ఇది మొక్కజొన్న తినే పేదల జబ్బు. మొక్కజొన్నలో నయాసిన్ ఒంటికి అందని రూపంలో బిగిసి ఉంటుంది, ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. ట్రిప్టోఫాన్ మాంసకృత్తుల్లోని ఒక అమైనో ఆమ్లం. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒళ్ళు 1 మిల్లీగ్రాము నయాసిన్ తయారు చేసుకోగలదు. మెక్సికోలో మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి రొట్టె చేస్తారు కాబట్టి అక్కడ బిగిసిన నయాసిన్ విడిపోయి జనం బతికిపోయారు.

మరి తెలంగాణలో, దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్న గటక తినే కూలీలకి పెల్లాగ్రా ఎందుకొచ్చింది? జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో అంత తక్కువ కాదు. లెక్క కాగితం మీద వేసి చూద్దాం. రోజుకి అర కిలో జొన్నలు తినే మగమనిషి. 100 గ్రాముల్లో నయాసిన్ 2 నుంచి 3 మిల్లీగ్రాములు, కాబట్టి మొత్తం 10 నుంచి 15. ట్రిప్టోఫాన్ 100 గ్రాముల్లో సుమారు 100 మిల్లీగ్రాములు, మొత్తం 500. దాన్ని 60తో భాగిస్తే 8. రెండూ కలిపితే 18 నుంచి 23. ఓ మోస్తరు శ్రమ చేసే మగవాడికి కావలసింది 18. పట్టిక ప్రకారం ఆ మనిషికి లోపమే లేదు. అలా తినేవాళ్ళే ముంజేతుల మీద నల్లని పొలుసులతో ఆస్పత్రికి వచ్చారు.

హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ చిక్కుముడి పట్టుకున్నారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం వరి కంటే చాలా ఎక్కువ. ల్యూసిన్ మోతాదు మించితే ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే దారికి అడ్డు పడుతుందేమోనని అనుమానించి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. తర్వాత ల్యూసిన్ కలిపిన తిండి పెట్టిన కుక్కల్లో నల్లనాలుక వ్యాధి కనబడింది, అది కుక్కల్లో పెల్లాగ్రా లాంటిది. ఈ వివరణని అందరూ ఒప్పుకోలేదు. వేరేచోట్ల చేసిన కొన్ని ప్రయోగాల్లో ల్యూసిన్ ప్రభావం తేలలేదు. బి6 కొరత కూడా తోడైతేనే దెబ్బ తగులుతుందన్న వాదన కూడా ఉంది, ఎందుకంటే ట్రిప్టోఫాన్ మారే దారిలో బి6 అవసరం. తేలిన సంగతి ఒకటి ఉంది. జొన్న ఒక్కటే కడుపు నింపిన రోజుల్లో జబ్బు ఉండేది. వరి, పప్పు, పాలు కంచంలోకి వచ్చాక అరుదైపోయింది.

ఇప్పుడు చక్కెర జబ్బు కోసం జొన్నరొట్టెకి మారినవాళ్ళు దీన్ని విని బెదరనక్కర్లేదు. పక్కన పప్పు, పెరుగు, గుడ్డు ఉన్న కంచంలో జొన్న ఏ హానీ చేయదు. బెదరవలసింది రొట్టె, పచ్చికారం తప్ప ఇంకేమీ లేని కంచం చూసి.

కాబట్టి ఆ అమ్మాయి కాగితం మీద నయాసిన్ వరస ఇలా ఉంటుంది. నీళ్ళలో కరుగుతుంది. ఆహారం నుంచి శక్తి. పెల్లాగ్రా: చర్మం, విరేచనాలు, మతి. ఆహారం గడిలో వేరుశనగ, మాంసం, చేప, తవుడు పోని ధాన్యాలు. వాటి కింద సన్న అక్షరాలతో మరో రెండు పంక్తులు: ట్రిప్టోఫాన్ 60కి 1, మొక్కజొన్న, జొన్న ఒంటరిగా తింటే పట్టిక లెక్క నమ్మొద్దు, రోగి ముంజేతులు చూడు.